జవాబు ఆ రెండింటి మధ్య లేదు

కాగితం మీద 1/x వక్రం గీయండి, x విలువ 1 నుంచి 2 దాకా చాలు. దాని కింద వైశాల్యం ఎంతో ముందే తెలుసు: 2కి సహజ సంవర్గమానం, అంటే 0.693147. జవాబు తెలిసిన లెక్కనే కావాలని తీసుకున్నాను, ఎక్కడ ఎంత తప్పామో ఎప్పటికప్పుడు చూసుకోవచ్చని.

ట్రెపిజాయిడల్ రూల్ ఇంటర్‌లో మ్యాథ్స్ తీసుకున్నవాళ్లు చదివే ఉంటారు. వైశాల్యాన్ని నిలువు పట్టీలుగా కోసి, ప్రతి పట్టీ పైన ఉన్న వంపుకి బదులు ఒక తిన్నని గీత పెట్టి, ఆ సమలంబ చతుర్భుజాల వైశాల్యాలు కూడటం, అంతే. మొత్తాన్నీ ఒకే పట్టీ అనుకుంటే ఎడమ ఎత్తు 1, కుడి ఎత్తు 0.5, కాబట్టి వైశాల్యం 0.75. రెండు పట్టీలు చేస్తే మధ్యలో x = 1.5 దగ్గర ఎత్తు 2/3 కూడా లెక్కలోకి వస్తుంది, జవాబు 0.708333 అవుతుంది.

చేతిలో రెండు జవాబులున్నాయి. చాలామంది రెండోది ఉంచుకుని మొదటిది పారేస్తారు. సగటు తీద్దామనే వాళ్లూ ఉంటారు కానీ అది 0.729, రెండోదానికన్నా అన్యాయం. అసలు సంగతేమిటంటే రెండు అంచనాలూ నిజం కన్నా ఎక్కువే చెబుతున్నాయి, ఎందుకంటే ఈ వక్రం కిందికి ఉయ్యాలలా వంగి ఉంటుంది, దాని మీద ఏ రెండు బిందువులు కలిపినా గీత వక్రానికి పైనే పోతుంది. రెండూ ఒకే వైపుకి తప్పుతున్నప్పుడు నిజం వాటి మధ్యలో ఎందుకుంటుంది? బయట ఉంటుంది. ఎంత బయట అన్నదే ప్రశ్న.

దానికి తప్పు ఎలా పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో తెలియాలి. ఒక పట్టీ వెడల్పు h అనుకుంటే, ఆ పట్టీ పైన వక్రానికీ తిన్నని గీతకీ మధ్య చిక్కుకున్న సన్నని ముక్క ఎత్తు దాదాపు h²తో పాటు మారుతుంది, దాని వెడల్పు h, కాబట్టి వైశాల్యం h³ లెక్కన మారుతుంది. వెడల్పు సగం చేస్తే ఒక్కో ముక్క ఎనిమిదో వంతవుతుంది, కానీ ముక్కలు రెట్టింపవుతాయి, అందుకని మొత్తం తప్పు నాలుగో వంతుకి దిగుతుంది. ఈ లెక్కని ఇంకాస్త పట్టుకుని పోతే, తప్పులో పెద్ద భాగం h²/12 ని రెండు చివరల వాలుల తేడాతో గుణిస్తే వచ్చేదని తేలుతుంది. మన వక్రానికి 1 దగ్గర వాలు −1, 2 దగ్గర −1/4, తేడా 3/4, కాబట్టి తప్పు సుమారు h²/16. ఒక పట్టీకి 0.0625 అనాలి, నిజంగా ఉన్నది 0.0569. రెండు పట్టీలకి 0.0156 అనాలి, ఉన్నది 0.0152. పర్వాలేదు, పట్టీ సన్నబడేకొద్దీ ఇంకా బాగా కలుస్తాయి.

ఇప్పుడు ఆ వాలుల గొడవ కూడా మర్చిపోవచ్చు. రెండు పట్టీల తప్పు e అనుకోండి, ఒక పట్టీ తప్పు 4e. రెండు జవాబుల మధ్య తేడా 3e అన్నమాట. ఆ తేడా మన చేతిలోనే ఉంది: 0.75 − 0.708333 = 0.041667. అందులో మూడో వంతు 0.013889. దాన్ని 0.708333లోంచి తీసేస్తే 0.694444. తప్పు 0.0152 నుంచి 0.0013కి పడిపోయింది, కొత్తగా ఒక్క ఎత్తు కూడా కొలవకుండానే. పట్టీ వెడల్పు h అయినప్పుడు వచ్చే జవాబుని T(h) అనుకుంటే, సూత్రంగా రాస్తే ఇలా:

(4 × T(h/2) − T(h)) / 3

పరీక్షల కోసం బట్టీ పట్టిన సింప్సన్ రూల్ కూడా ఇదే, వేరే ఏమీ కాదు. 1, 4, 1 అనే ఆ గుణకాలు ఎక్కడ్నుంచి ఊడిపడ్డాయో నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు, ఇక్కడ్నుంచే.

బ్రిటన్‌కి చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1911లో అచ్చయిన ఒక పెద్ద పేపర్‌లో ఈ ఉపాయం వాడాడు. ఆయనకి కావలసింది రాతి ఆనకట్టలో ఒత్తిళ్లు. గళ్లు గీసి ప్రతి గడికీ చేత్తో లెక్క కట్టించాలి, గళ్లు సన్నబడితే పని విపరీతంగా పెరుగుతుంది. అలాంటప్పుడు సన్న గళ్ల జోలికి పోకుండా రెండు ముతక లెక్కలతోనే సన్న లెక్కంత జవాబు రాబట్టగలిగితే ఎంత శ్రమ తప్పుతుందో ఊహించండి. 1955లో వెర్నర్ రోమ్‌బెర్గ్ దీన్నే ట్రెపిజాయిడల్ రూల్ మీద మళ్లీ మళ్లీ ప్రయోగించే పద్ధతి చూపించాడు.

అయితే ఆ 4 అనే అంకె దేవుడిచ్చింది కాదు. రెండు చివరలతో సహా వక్రం నునుపుగా ఉంటేనే వస్తుంది. √x ని 0 నుంచి 1 దాకా తీసుకోండి, నిజం జవాబు 2/3. సున్నా దగ్గర ఈ వక్రం నిట్టనిలువుగా లేస్తుంది, వాలుకి అంతే లేదు. 4 పట్టీలకి 0.643283, 8 పట్టీలకి 0.658130 వస్తాయి. మన సూత్రం వాడితే 0.663079. తప్పు 0.0085 నుంచి 0.0036కి మాత్రమే తగ్గింది. ఏమీ పేలిపోలేదు, హెచ్చరికా రాలేదు, కానీ రావలసిన లాభం రాలేదు. ఇక్కడ తప్పు h²తో కాకుండా h^1.5తో తగ్గుతుంది, అంటే వెడల్పు సగం చేస్తే తప్పు 2.83వ వంతే అవుతుంది. సూత్రంలో 4 బదులు 2.828, 3 బదులు 1.828 పెట్టి చూడండి, 0.66625 వస్తుంది. తప్పు 0.0004.

జవాబు తెలియని లెక్కలో ఇది ఎలా పట్టుకోవాలి? పట్టీలు రెట్టింపు చేస్తూ పోయి, వరుస జవాబుల తేడాలు తీసి, ముందు తేడాని తర్వాతి తేడాతో భాగించండి. 1/x కి 1, 2, 4, 8 పట్టీలతో చేస్తే నిష్పత్తులు 3.68, 3.90 వస్తాయి, 4 వైపు నడుస్తున్నాయి. √x కి 2.61, 2.68. అవి 4 వైపు రావడం లేదని అక్కడే తెలిసిపోతుంది.

ఒక్క నిష్పత్తి చూసి మాత్రం నమ్మకండి. నేను ఒకసారి బోల్తా పడ్డది ఇక్కడే. e^cos x సగటు విలువ ఒక పూర్తి చుట్టుకి, అంటే 0 నుంచి 2π దాకా, కావాలి. 1, 2, 4 పట్టీలకి 2.718282, 1.543081, 1.271540 వచ్చాయి. తేడాల నిష్పత్తి 4.33. నాలుగుకి దగ్గరే కదా అని సంతోషంగా సూత్రం పెట్టేశాను, 1.181027 వచ్చింది. నిజం 1.266066. మార్చకముందు తప్పు 0.0055, మార్చాక 0.085! చుట్టు పూర్తయి మొదటికొచ్చే వక్రానికి రెండు చివరల వాలులూ సమానం, కాబట్టి పైన చెప్పిన h² భాగం అసలు లేనే లేదు. లేనిదాన్ని కొట్టేయబోయి నేనే కొత్త తప్పు తెచ్చిపెట్టాను. 8 పట్టీలకి వెళ్లి చూస్తే తర్వాతి నిష్పత్తి దాదాపు 50, ట్రెపిజాయిడల్ రూల్ ఒక్కటే ఏ సవరణా లేకుండా 1.266066 ఇచ్చేసింది.