నల్ల చెంబు గురించి రాసిన ఉత్తరం

జహీరాబాద్

మనూ, శ్రావ్యా,

నల్ల చెంబు సంగతి చాలావరకు తేలింది. మీరు సంక్రాంతి సెలవుల్లో పడుతూ లేస్తూ తీసిన ఫోటోలకి నిన్న జవాబు వచ్చింది. ఫోన్లో చెబితే మీ అమ్మ మధ్యలో వంట సంగతులు అడుగుతుంది, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీకు చెప్పని విషయం ఒకటుంది. మీరు రాకముందే పాతబస్తీలో పాత వస్తువుల దుకాణం నడిపే పెద్దమనిషికి నేనొక ఉత్తరం రాశాను. "మా ఇంట్లో రెండు వందల ఏళ్ల నాటి వెండి చెంబు ఉంది, నిజాం గారు మా తాతకి బహూకరించారు, ఎంత పలుకుతుంది?" అని. రాత్రి ట్యూబులైటు కింద ఫ్లాష్ వేసి తీసిన ఫోటో ఒకటి జత చేశాను. ఆయన రెండు ముక్కల్లో జవాబిచ్చారు: "ఇది చెంబో కూజానో కూడా ఈ ఫోటోలో తెలియడం లేదండీ. మీరు రాసినదాంట్లో మీ కంటికి కనబడింది ఏది, ఇంట్లో విన్నది ఏది?"

మొదట కోపం వచ్చింది. తర్వాత ఉత్తరం మళ్లీ చదువుకుంటే నిజమే అనిపించింది. వెండి అన్నాను, కానీ ఏనాడూ తూచి చూడలేదు. రెండు వందల ఏళ్లు అన్నాను, మా నాన్న చెప్పిన మాట అది. నిజాం ఇచ్చారన్నది మా మేనత్త చెప్పేది, ఆవిడ చెప్పిన కథల్లో నిజాం గారు మా ఇంటికి భోజనానికి కూడా వచ్చారు!

అందుకే ఆ ఉదయం మిమ్మల్ని వసారాలో కూర్చోబెట్టి అంత సతాయించాను. తెల్లటి పంచె పరుస్తానంటే వద్దని బూడిద రంగు దుప్పటి వేయించాను, గుర్తుందా? నల్ల వస్తువు వెనక తెల్ల బట్ట ఉంటే కెమెరా ఆ తెలుపుకి సర్దుకుంటుంది, నలుపంతా ఒకే ముద్దగా వస్తుంది. ఫ్లాష్ వేస్తే వెండి మెరిసి, పువ్వుల మీది గీతలు మాయమవుతాయి. ఎండ నేరుగా పడని ఉదయపు వెలుగు చాలు. ఫోన్ను చెంబు నడుము ఎత్తున పట్టుకోమన్నదీ అందుకే. పైనుంచి తీస్తే మెడ లావుగా, అడుగు సన్నగా కనిపించి అసలు ఆకారమే మారిపోతుంది. ఇలాంటి వాటి వయసు ఆకారాన్ని బట్టే సగం చెబుతారు.

రెండో ఉత్తరం ఇలా రాశాను. అలాగే దించుతున్నాను.

"అయ్యా, నమస్కారం. మా ఇంట్లో ఉన్న ఒక వస్తువు ఏ కోవకి చెందిందో, సుమారు ఏ కాలానిదో తెలుసుకోవాలని రాస్తున్నాను. అమ్మే ఉద్దేశం లేదు. తొమ్మిది ఫోటోలు పంపుతున్నాను.

ఒకటి నుంచి నాలుగు వరకు: చుట్టూ పావు వంతు చొప్పున తిప్పి తీసినవి. ఆకారం గంటలా ఉంది. అడుగు వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నబడి, మెడ మధ్యలో ఉంగరంలాంటి కట్టు ఉంది. ఎత్తు 18.5 సెంటీమీటర్లు, అడుగు వెడల్పు 16.5, మూతి లోపలి వెడల్పు 3. బరువు 1 కేజీ 620 గ్రాములు. పక్కన పిల్లల స్కేలు పెట్టాం.

ఐదు: పైనుంచి మూతిలోకి. లోపల నలుపు లేదు, బూడిద రంగు లోహం కనిపిస్తోంది. తెల్లటి పొర పట్టి ఉంది.

ఆరు: అడుగు. రాతలు, ముద్రలు ఏవీ లేవు. అంచు చుట్టూ నలుపు అరిగిపోయి బూడిద రంగు తేలింది.

ఏడు: నడుము మీది పువ్వుల మొక్క దగ్గరగా. పువ్వులూ ఆకులూ తెల్లటి లోహపు రేకులు, కాడలు సన్నటి తీగలు. చేతి వేలితో తడిమితే ఎగుడుదిగుడు లేదు.

ఎనిమిది: ఒక ఆకు ఊడిపోయిన చోటు. కింద ఆకు ఆకారంలోనే చెక్కిన గుంట ఉంది.

తొమ్మిది: మా ఇంటి పాత పెళ్లి ఫోటో. ఎడమ మూల స్టూలు మీద ఇదే వస్తువు పూలతో ఉంది. ఫోటో వెనక సిరాతో 1934 అని ఉంది.

అయస్కాంతం పెట్టి చూశాం, అంటుకోలేదు. ఇటీవల దేనితోనూ తోమలేదు. ఇక ఇంట్లో విన్నది: మా తాతగారు రెవెన్యూ శాఖలో గుమాస్తా, బీదర్ నుంచి తెచ్చారని ఒకరు, నిజాం ఇచ్చారని ఒకరు అంటారు. దేనికీ కాగితం లేదు."

ఇందులో 'వెండి' అన్న మాట ఎక్కడా లేదు, చూశారా? 'తెల్లటి లోహం' అనే రాశాను. ఆ లోహమేదో చెప్పాల్సింది ఆయన. మనం ముందే పేరు పెట్టేస్తే చూసేవాళ్ల కన్ను కూడా అటే పోతుంది. విన్న సంగతులు మానేయలేదు, చివర విడిగా పెట్టాను. బీదర్ అన్న ఒక్క మాట మాత్రం ఆయనకి పనికొచ్చింది.

జవాబు ఏమిటంటే, అది చెంబు కాదు, వెండిదీ కాదు. బిద్రీ పని చేసిన హుక్కా అడుగు భాగం. నీళ్లు పోసే కుండ అన్నమాట. దాని మూతిలో గొట్టం దిగుతుంది, పైన చిలుము కూర్చుంటుంది. ఆ పై సామానంతా ఎప్పుడో పోయింది, మిగిలిన దాంట్లో మీ ముత్తవ్వ బంతిపూలు పెట్టింది. హుక్కాలు మానేసిన చాలా ఇళ్లల్లో వీటికి ఇదే గతి పట్టిందట.

బిద్రీ అంటే మనకి గంట దూరంలోని బీదర్ పేరే. లోహం చాలావరకు తుత్తునాగం, అంటే జింకు. అందులో కొద్దిగా రాగి కలుపుతారు. పోతపోసి, ఆకురాయితో నున్నగా చేసి, మైలుతుత్తం నీళ్లు రాసి తాత్కాలికంగా నల్లగా చేస్తారు. ఆ నలుపు మీద గీసిన గీత తెల్లగా కనబడుతుంది కాబట్టి నమూనా గీయడం తేలిక. గీత వెంట ఉలితో గుంట చెక్కి, అందులో వెండి తీగో రేకో పెట్టి సుత్తితో కొడతారు. తీగ పనిని తార్కషీ అంటారు, రేకు పనిని తెహ్‌నిషాన్. మనదాంట్లో రెండూ ఉన్నాయి. తర్వాత మొత్తం అరగదీస్తే వెండీ జింకూ ఒకే తెలుపులో కలిసిపోయి పువ్వేదో నేలేదో తెలియదు. అప్పుడు బీదర్ కోటలోని పాత మట్టినీ నవాసారాన్నీ నీళ్లలో కలిపి మరిగించి, అందులో వస్తువును ముంచుతారు. జింకు కలిసిన లోహం నల్లబడుతుంది, వెండికి ఏమీ కాదు.

ఇప్పుడు మీ ఐదో ఫోటో చూడండి. నలుపు పైపైనే కాబట్టి లోపల బూడిద రంగు అసలు లోహం బయటపడింది. ఎనిమిదోది ఇంకా గట్టి సాక్ష్యం. వెండి రంగు పూసిన నకలు అయితే పెచ్చు ఊడినచోట చదునుగా ఉంటుంది. ఇక్కడ ఆకు పోయినా ఆకు గుంట మిగిలింది, అంటే నిజంగానే చెక్కి పొదిగారు. మనూ, ఆ ఫోటో తీయొద్దని, ఊడినచోటు చూపిస్తే పరువు పోతుందని నువ్వు గొడవ చేశావు. ఆయన అన్నిటికన్నా ఎక్కువసేపు చూసింది ఆ ఫోటోనేనట.

వయసు సంగతి అంత సూటిగా తేలదు. బిద్రీ హుక్కా కుండలు మొదట్లో, అంటే 17వ శతాబ్దంలో, బంతిలా గుండ్రంగా ఉండేవి. వాటిని నిలబెట్టడానికి కింద చుట్టకుదురు కావాలి. గంట ఆకారం 18వ శతాబ్దంలో వచ్చి, 19వ శతాబ్దమంతా అదే నడిచింది. కాబట్టి మనది అంతకు ముందుది కాదు. ఇటువైపు హద్దు 1934, పెళ్లి ఫోటో పుణ్యాన. ఈ రెండింటి మధ్య పువ్వుల తీరు చూసి, అరుగుదల చూసి, 19వ శతాబ్దం రెండో సగం కావచ్చని ఆయన అన్నారు. కావచ్చు అనే అన్నారు, ఖాయంగా చెప్పలేదు. బీదర్‌లో ఇప్పటికీ ఇదే పద్ధతిలో చేస్తున్నారు కాబట్టి పని విధానం చూసి కాలం చెప్పలేరు. అరుగుదల మాత్రం కొంత చెబుతుంది: చెయ్యి పట్టే మెడ దగ్గర, నేలకి రాసుకునే అడుగు అంచున ఎక్కువ అరిగి, మెడ కట్టు కింది సందులో నలుపు దట్టంగా మిగిలింది. కావాలని పాతగా చేసిన వాటిలో అన్నిచోట్లా ఒకేలా అరిగి ఉంటుందట.

సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ సామాను చాలా ఉంది, వెళ్లి పోల్చి చూడమని కూడా రాశారు. అమ్మబోమని ముందే చెప్పడం మంచిదైంది. కొనేవాళ్లే వయసు చెబుతున్నప్పుడు ఒకటి రెండు తరాలు తగ్గించి చెప్పాలని ఎవరికైనా అనిపించవచ్చు. ఈయన అలాంటివారని కాదు, నా జాగ్రత్త నాది.

ఇది తెలిశాక డల్లాస్ బాబాయి ఫోన్ చేసి దాన్ని పంపమన్నాడు. కుదరదన్నాను. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి, మనలాంటి వాళ్లు వాటిని దేశం దాటించకూడదు. వందేళ్లు నిండలేదని పురావస్తు శాఖ వాళ్లు చూసి సర్టిఫికెట్ ఇస్తే తప్ప. 1934 ఫోటోని బట్టి మన దగ్గర రుజువున్నది తొంభై చిల్లర ఏళ్లకే కదా అని లాయర్లా వాదించాడు. ఫోటో నాటికి అది కొత్తదని ఎవరన్నారు అని అడిగితే ఫోన్ పెట్టేశాడు.

ఒక ముప్పు మాత్రం తృటిలో తప్పింది. మీ అమ్మమ్మ దసరాకి దాన్ని కూడా ఇత్తడి సామానుతో పాటు చింతపండు పెట్టి తోముదామనుకుంది, టైమ్ చాలక వదిలేసింది. పులుపు తగిలితే ఆ నలుపు పోతుంది, కింద జింకు కూడా తింటుంది. మెత్తటి బట్ట మీద రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి తుడిస్తే చాలట. పూలు కూడా పెట్టడం మానేశాం, నీళ్లు నిల్వ ఉంటే లోపల ఆ తెల్ల పొర ఇంకా పెరుగుతుంది.

ఆయన ఇంకొక ఫోటో అడిగారు. మూతిలోంచి టార్చి వేసి, అడుగు పలక గోడకి కలిసే చోట అతుకు ఉందా, ఒకే పోతా అన్నది కనబడేలా. నేను నాలుగుసార్లు ప్రయత్నించాను, నాలుగింట్లోనూ నా బొటనవేలే పడింది. ఉగాదికి వచ్చేటప్పుడు శ్రావ్య ఆ సన్న టార్చి మర్చిపోకుండా తీసుకురావాలి.

మీ
తాతయ్య