లీన్ కాన్వాసా, ప్రాజెక్ట్ రిపోర్టా: ఈ రెండు కాగితాల వెనక కథ

కొత్తగా బిజినెస్ పెడదామనుకునేవాళ్ళ మధ్య ఈ గొడవ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఒకడేమో బిజినెస్ ఆలోచనని గడుల్లో రాసే ఒక్క పేజీ లీన్ కాన్వాస్ చాలు, నలభై పేజీల ప్లాన్ ఎవడు చదువుతాడు అంటాడు. ఇంకొకడేమో ఆ ఒక్క పేజీ పట్టుకుని బ్యాంకుకి వెళ్తే "ప్రాజెక్ట్ రిపోర్ట్ ఏది బాబూ" అని వెనక్కి పంపేశారంటాడు. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఈ రెండు కాగితాలూ ఎవరి కోసం పుట్టాయో చూస్తే గొడవ సగం అక్కడే తేలిపోతుంది.

ముందు పెద్ద ప్లాన్ సంగతి. 1957లో అమెరికాలో ఎమ్‌ఐటీ లింకన్ లాబొరేటరీలో పనిచేసే ఇద్దరు ఇంజినీర్లు, కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్, కంప్యూటర్లు తయారుచేసే కంపెనీ పెడదామని బోస్టన్‌లో జార్జెస్ డోరియో నడిపే ఏఆర్‌డీ అనే పెట్టుబడి సంస్థ దగ్గరికి వెళ్ళారు. అక్కడివాళ్ళు ఇచ్చిన సలహా ఏంటంటే ప్లాన్‌లో కంప్యూటర్ అనే మాటే రాయొద్దు, ఆ ధందాలో పెద్ద పెద్ద కంపెనీలే నష్టపోతున్నాయి, మా బోర్డు వాళ్ళు ఒప్పుకోరు, లాభం కూడా 5 శాతం అని రాస్తే కుదరదు, ఎక్కువ చూపించండి అని. వీళ్ళు అలాగే రాశారు, 70,000 డాలర్లు వచ్చాయి, కంపెనీ పేరు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అయింది, మొదట లాజిక్ మాడ్యూల్స్ అనే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ముక్కలు అమ్మి తర్వాత కంప్యూటర్లకి వచ్చారు. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే బిజినెస్ ప్లాన్ అంటే డబ్బిచ్చేవాడి భయాలకి రాసే జవాబు అని అప్పుడే తెలిసిపోయింది, మనమే ఇంకా అదేదో మన భవిష్యత్తు చెప్పే జాతకం అనుకుంటున్నాం.

మన దేశంలో దారి వేరు. ఇక్కడ వెంచర్ క్యాపిటల్ కంటే ముందు ప్రభుత్వం, బ్యాంకులు ఉన్నాయి. 1951 ఇండస్ట్రీస్ యాక్ట్ వచ్చాక పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్స్, ఏం తయారుచేస్తావు, కెపాసిటీ ఎంత అని ముందే రాసివ్వాల్సి వచ్చేది. బ్యాంకులేమో చాలాకాలం ఎక్కువగా తాకట్టు చూసి అప్పిచ్చేవి. 1970ల్లో రిజర్వ్ బ్యాంక్ వేసిన టాండన్ కమిటీ వచ్చి ఆస్తి ఎంతుందని కాకుండా వ్యాపారానికి ఎంత అవసరమో లెక్క చూసి ఇవ్వమంది. 1992 నాటికి నాయక్ కమిటీ చిన్న పరిశ్రమలకి ఇంకా సులువైన లెక్క చెప్పింది, వచ్చే ఏడాది అమ్మకాల అంచనాలో 20 శాతం వర్కింగ్ క్యాపిటల్‌గా, అంటే రోజువారీ వ్యాపారం నడపడానికి కావాల్సిన డబ్బుగా, బ్యాంకు ఇవ్వొచ్చు అని. ఇక్కడ ఒక మెలిక ఉంది, అప్పు నువ్వు రాసిన అంచనా మీద వస్తుందంటే అంచనా పెద్దగా రాయాలని ఎవడికైనా అనిపిస్తుంది కదా. అందుకే మన దగ్గర ప్లాన్ అనే మాట కంటే ప్రాజెక్ట్ రిపోర్ట్ అనే మాటే బలంగా నిలబడింది, దాన్ని రాసిపెట్టే కన్సల్టెంట్లు ప్రతి ఊళ్ళో పుట్టుకొచ్చారు, పేరు, అడ్రస్ మార్చి అదే రిపోర్ట్ పదిమందికి ఇచ్చేవాళ్ళకీ కొదవ లేదు.

ఆ అంచనాల మీద నమ్మకం అమెరికాలో గట్టిగా దెబ్బతిన్నది ఇంటర్నెట్ కంపెనీల మోజు నడిచిన డాట్‌కామ్ టైంలో. వెబ్‌వ్యాన్ అని ఇంటికి కిరాణా సరుకులు తెచ్చిచ్చే కంపెనీ, 1999లో ఐపీఓకి వచ్చింది, మొదటి సిటీలో లెక్క కుదురుతుందో లేదో తేలకముందే దేశమంతా ఆటోమేటిక్ గోడౌన్లు కట్టడానికి బెక్‌టెల్ అనే కంపెనీతో వంద కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ రాసుకుంది. 2001 జూలైకి దివాలా. ప్లాన్‌లో రాసినట్టు గోడౌన్లు కడుతూ పోయారు, ప్లాన్‌లో రాసినన్ని ఆర్డర్లు మాత్రం రాలేదు. స్టార్టప్‌ల గురించి పాఠాలు చెప్పే స్టీవ్ బ్లాంక్ లాంటివాళ్ళు 2000ల్లో చెప్పడం మొదలుపెట్టింది ఇదే, కొత్త కంపెనీకి కస్టమర్ ఎవరో ముందు వెతుక్కునే దశ ఒకటి ఉంటుంది, ఆ దశలో అయిదేళ్ళ ప్లాన్ రాస్తే అది ఊహల మీద కట్టిన లెక్కే అని.

సరిగ్గా అప్పుడే స్విట్జర్లాండ్‌లో అలెగ్జాండర్ ఆస్టర్‌వాల్డర్ బిజినెస్ మోడల్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు, 2004లో అయిపోయింది, దాన్నుంచే తొమ్మిది గడుల బిజినెస్ మోడల్ కాన్వాస్ వచ్చింది. అయితే అది ఏ కంపెనీకైనా పనికొచ్చే పటం, అప్పటికే నడుస్తున్న పెద్ద కంపెనీకి కూడా. ఆష్ మౌర్య అనే స్టార్టప్ ఫౌండర్ 2010లో దాంట్లో నాలుగు గడులు తీసేసి వేరేవి పెట్టాడు, అదే లీన్ కాన్వాస్. కీ పార్ట్‌నర్స్ బదులు సమస్య, కీ యాక్టివిటీస్ బదులు పరిష్కారం, కీ రిసోర్సెస్ బదులు కీలక కొలతలు, కస్టమర్ రిలేషన్‌షిప్స్ బదులు ఎవడూ తేలిగ్గా కాపీ కొట్టలేని బలం. ఏమీ లేని కొత్తవాడికి పార్ట్‌నర్లు ఎక్కడుంటారు, వాడికి అన్నిటికంటే పెద్ద రిస్క్ ఎవరికీ అక్కర్లేని వస్తువు తయారుచేయడమే కదా, అందుకని సమస్య గడి పెట్టాడు. పరిష్కారం గడి కావాలనే చిన్నగా ఉంచాడు, మనవాళ్ళు నింపేటప్పుడు మాత్రం అదే ముందు నింపి, దానికి సరిపోయేలా సమస్య గడిలో "ఇలాంటి యాప్ మార్కెట్‌లో లేదు" అని రాస్తారు. అది సమస్య కాదు. సమస్య గడిలోనే జనం ఇప్పుడు దాన్ని ఎలా గట్టెక్కుతున్నారో కూడా రాయాలి, అది రాయలేకపోతున్నామంటే కస్టమర్‌తో ఇంకా మాట్లాడలేదని అర్థం.

ఒక ఉదాహరణ తీసుకుంటే తేడా కళ్ళకి కనిపిస్తుంది. కరీంనగర్ పక్క పల్లెలో ఒక కుర్రాడు గానుగ పల్లీ నూనె యూనిట్ పెట్టి టౌన్‌లో అపార్ట్‌మెంట్లకి నెలనెలా సప్లై చేద్దామనుకున్నాడనుకోండి. రేట్లు నేను లెక్క కోసం వేసుకున్నవి, మీ ఊళ్ళో వేరే ఉంటాయి. రోజుకి 100 కిలోల గింజలు, కిలో 120 చొప్పున 12,000. నూనె సుమారు 40 కిలోలు వస్తుంది, అంటే 44 లీటర్లు, 320 చొప్పున 14,080. నూనె తీశాక మిగిలే చెక్క 56 కిలోలు, 35 చొప్పున 1,960. గింజల డబ్బు పోను రోజుకి 4,040, నెలకి 25 రోజులు ఆడిస్తే 1,100 లీటర్ల మీద 1,01,000. లీటరుకి 12 చొప్పున బాటిల్, లేబుల్ తీసేస్తే లీటరు మీద మిగిలేది దాదాపు 80. అద్దె, జీతాలు, కరెంటు, డెలివరీ కలిపి నెలకి 58,000 అనుకుందాం. 8 లక్షల లోన్, 11 శాతం, అయిదేళ్ళు అయితే ఈఎమ్‌ఐ 17,400 దాకా.

రిపోర్ట్‌లో సాధారణంగా మొదటి ఏడాది 60 శాతం కెపాసిటీ వేస్తారు. అంటే 660 లీటర్లు, 52,700 వస్తుంది, నెల ఖర్చే 58,000, ఈఎమ్‌ఐ కట్టకముందే నష్టం. అప్పుడు రిపోర్ట్ రాసేవాడు ఏం చేస్తాడంటే, ఎక్సెల్‌లో లీటర్ రేటు 320 ఉన్న గడిలో 380 కొడతాడు. అంతే, ఖర్చులు పోను 34,000 మిగులుతుంది, ఈఎమ్‌ఐకి దాదాపు రెండింతలు. బ్యాంకు చూసే డీఎస్‌సీఆర్ అంటే ఇదే, చేతిలో మిగిలే డబ్బు కట్టాల్సిన అప్పుకి ఎన్ని రెట్లుందో చూడటం, ఒకటిన్నర దాటితే వాళ్ళకి ధైర్యం. రిపోర్ట్ పాసైపోయింది, కానీ 380కి కొనేదెవరని ఎవడూ అడగలేదు.

320 రేటుతోనే నిజాయితీగా లెక్కేస్తే ఖర్చులు, ఈఎమ్‌ఐ గట్టెక్కాలంటే నెలకి 945 లీటర్లు అమ్మాలి, ఇంటికి మూడు లీటర్ల చొప్పున 315 ఇళ్ళు, ప్రతి నెలా. లీన్ కాన్వాస్ పని ఇక్కడ మొదలవుతుంది. కస్టమర్ గడిలో "ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్ళందరూ" అని రాస్తే దండగ, ముందుగా ఎవరు కొంటారో రాయాలి, ఉదాహరణకి ఇప్పటికే ఊరి నుంచి అమ్మానాన్నలతో నూనె తెప్పించుకునేవాళ్ళు. కొలతల గడిలో ఒక్కటే చాలు, రెండో నెల మళ్ళీ కొన్నవాళ్ళు ఎంతమంది. మెషిన్ కొనక్కర్లేదు, ఎక్కడో నడుస్తున్న గానుగలో కూలికి ఆడించుకుని ఒక రెండు అపార్ట్‌మెంట్లలో అమ్మి చూడాలి. మొదటిసారి చుట్టాలు, ఫ్రెండ్స్ మొహమాటానికి కొంటారు, ఆ లెక్క నమ్మొద్దు, నలభై ఇళ్ళు కొంటే రెండో నెల ముప్పై మళ్ళీ అడిగాయా, ఎనిమిదే అడిగాయా అన్నదాంట్లోనే విషయం ఉంది. ఎనిమిదే అయితే గడి కొట్టేసి కొత్త తేదీతో ఇంకో కాన్వాస్ రాయాలి, బహుశా కస్టమర్ అపార్ట్‌మెంట్ కాదు, స్వీట్ షాపో, పచ్చళ్ళు పెట్టేవాళ్ళో కావచ్చు.

అలాగని కాన్వాస్‌తో అన్నీ తెలిసిపోవు, దాంట్లో ఏ నెలలో ఎంత డబ్బు కావాలన్న లెక్క ఉండదు. ఖర్చుల గడిలో గింజలు అని ఒక్క మాట రాస్తాం, కానీ ఖరీఫ్ పల్లీ కోతయ్యాక అక్టోబర్, నవంబర్‌లో మార్కెట్‌కి బాగా వస్తుంది, రేటు కాస్త దిగినప్పుడు కొని పెట్టుకోకపోతే తర్వాత ఎక్కువ పెట్టి కొనాలి, కొని పెట్టుకుంటే లక్షలు గోడౌన్‌లో ఇరుక్కుపోతాయి. ఇది నెలవారీ క్యాష్ ఫ్లో టేబుల్ వేస్తేనే కనబడుతుంది, అంటే ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో. కొత్తవాళ్ళు మునిగేది తరచుగా ఇక్కడే, కాగితం మీద లాభం ఉంటుంది, గింజలు కొనడానికి డబ్బు ఉండదు.

కాబట్టి కస్టమర్ ఉన్నాడో లేడో తెలియని దశలో, ఇంకా సొంత డబ్బే పెడుతున్నప్పుడు కాన్వాస్ మంచిది. కొనేవాడు ముందే ఖాయమై ఉన్న పనులకి, పాల కేంద్రానికి పాలు పోయడమో, పెద్ద కంపెనీ ఫ్రాంచైజీ తీసుకోవడమో, అక్కడ సమస్య గడి నింపుతూ కూర్చుంటే టైం వేస్ట్, నేరుగా లెక్కలకే వెళ్ళాలి. బ్యాంకు లోన్, సబ్సిడీ కావాలంటే మాత్రం రిపోర్ట్ తప్పదు. కొత్త యూనిట్లకి కేంద్ర ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చే పీఎమ్‌ఈజీపీ లాంటి స్కీమ్‌లో తయారీ యూనిట్‌కి 50 లక్షల ప్రాజెక్ట్ దాకా అవకాశం ఉంది, జనరల్ కేటగిరీ వాళ్ళకి పల్లెల్లో 25 శాతం సబ్సిడీ. అందరూ ఆ 25 దగ్గరే ఆగిపోతారు గానీ ఆ సబ్సిడీ చేతికివ్వరు, మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, యూనిట్ నడుస్తోందని వెరిఫై చేశాకే లోన్‌లో సర్దుతారు. మొదటి లోన్ కొత్త యూనిట్లకే ఇస్తారు కాబట్టి ట్రయల్ ఉత్సాహంలో ముందే షెడ్ వేసి మెషిన్ బిగించేస్తే అర్హత దగ్గర చిక్కొస్తుంది, కూలికి ఆడించుకుని చూడమనడానికి ఇదొక కారణం కూడా.

రిపోర్ట్ కన్సల్టెంట్‌తో రాయించుకున్నా అమ్మకాల అంచనా, లీటర్ రేటు ఈ రెండు గడులు మాత్రం మీరే నింపండి. 60 శాతం ఎక్కణ్ణుంచి వచ్చిందని మేనేజర్ అడిగితే రెండు మూడు నెలల అమ్మకాల పుస్తకం, యూపీఐ స్టేట్‌మెంట్ ముందు పెట్టొచ్చు. అడక్కపోయినా పెట్టండి.