ట్రైనింగ్ నోటీసు అపోహలు: 80 శాతం హాజరు అంటే ఒక రోజు సెలవు అని కాదు

విజయవాడలో కార్పొరేట్ ట్రైనింగ్ బ్యాచ్‌ల ఏర్పాట్లు చూసే పని నాది. నోటీసు మెయిల్ వెళ్లిందో లేదో ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, సర్టిఫికెట్‌కి 80 శాతం హాజరుంటే చాలు కదా, అయిదు రోజుల్లో ఒక రోజు రాకపోయినా పర్లేదుగా?" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. పాత బ్యాచ్ వాళ్లు వాట్సాప్ గ్రూపులో పర్లేదని చెప్పేస్తారు కూడా. దయచేసి ఆ మాట నమ్మకండి.

మేము హాజరు లెక్కపెట్టేది రోజుల్లో కాదు, సెషన్లలో. నోటీసులో టైమింగ్స్ చూడండి: 9:30 నుంచి 11:15, టీ తర్వాత 11:30 నుంచి 1:00, లంచ్ అయ్యాక 1:45 నుంచి 3:30, మళ్లీ టీ, ఆపైన 3:45 నుంచి 5:30. అంటే రోజుకి 4 సెషన్లు, అయిదు రోజులకి 20. అందులో 80 శాతం అంటే 16. ఒక రోజు మానేస్తే మీకు మిగిలేవి సరిగ్గా ఆ 16 సెషన్లే, ఇక ఒక్కటి కూడా పోవడానికి వీల్లేదు. సంతకాల షీటేమో సెషన్ మొదలైన పది నిమిషాలకే తీసేస్తాం.

మొన్న ఒక బ్యాచ్‌లో గుంటూరు నుంచి రోజూ వచ్చి వెళ్లే కుర్రాడు చెల్లెలి నిశ్చితార్థమని బుధవారం సెలవు పెట్టాడు. మేనేజర్ ఒప్పుకున్నారు కాబట్టి హాజరు పడుతుందనుకున్నాడు. సెలవు మంజూరైతే జీతం కోత పడదు, అంతే, మా షీటులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. గురువారం లంచ్‌లో ఇతనూ ఇంకో ముగ్గురూ కలిసి బిర్యానీకని బయటికెళ్లి, బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని 2:05కి వచ్చారు. మిగతా ముగ్గురికీ ఏమీ కాలేదు, ఇతనికి మాత్రం 15 సెషన్లే మిగిలాయి, అంటే 75 శాతం. క్లాసులో అందరికంటే బాగా చేసినవాడు సర్టిఫికెట్ లేకుండా వెళ్లాడు, నాకు ఇప్పటికీ బాధే.

ఇంట్లో శుభకార్యమో, ఆస్పత్రి పనో ఉంటే భయపడకుండా బ్యాచ్ మొదలవకముందే చెప్పండి. పోయే సెషన్లను తర్వాతి బ్యాచ్‌లో కూర్చుని పూర్తి చేసుకునే వీలు మా దగ్గర ఉంది, కాకపోతే ముందుగా చెప్పినవాళ్లకే. వేరే సంస్థ నోటీసు అయితే హాజరు రోజుల లెక్కనా, సెషన్ల లెక్కనా, నిమిషాల లెక్కనా అని ఒక మెయిల్ పెట్టి అడగండి. ఆన్‌లైన్ బ్యాచ్‌లకి చాలాచోట్ల నిమిషాలే చూస్తారు.

ప్రీ-టెస్ట్ మార్కులు తగ్గితే ఉద్యోగం పోతుందనే పుకారు కూడా నడుస్తోంది. మా బ్యాచ్‌లలో ఆ మార్కులు ట్రైనర్ ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికే, టెన్షన్ వద్దు.

ప్రీ-వర్క్ వీడియోలు చివరిదాకా చూసినా కొందరికి In Progress అనే ఉంటుంది. చాలాసార్లు కారణం చివరి క్విజ్ వదిలేయడం, లేదా ఎగ్జిట్ నొక్కకుండా విండో మూసేయడం. మళ్లీ తెరిచి, క్విజ్ పూర్తి చేసి, ఎగ్జిట్ నొక్కి, పేజీ రీఫ్రెష్ చేయండి. Completed అని కనిపించాక ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అప్పటికీ In Progress అనే ఉంటే, ఆ పేజీ స్క్రీన్‌షాట్ మాకు బ్యాచ్ మొదలయ్యే ముందు రోజు సాయంత్రంలోపు పంపితే మేమే సరిచేయిస్తాం.