సముద్రమట్టం లెక్కలు: వేడి వాటా పక్కా, మంచు వాటా దగ్గరే చిక్కు

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, మనకెందుకీ గొడవ అని చాలామంది అంటారు. కానీ ఈ ఊళ్లో సగం ఇళ్లకు కోనసీమలోనో, నరసాపురంలోనో, బందరు పక్కనో పొలమో పెంకుటిల్లో ఉంటుంది. పైగా హిందూ మహాసముద్రంలో మన దేశం వదిలే, మునుగుతూ తేలుతూ నీటిని కొలిచే ఆర్గో ఫ్లోట్ల కొలతలు వచ్చి చేరేది సముద్ర సమాచారం చూసే కేంద్ర సంస్థకు, ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్‌కే. అందుకని ఈ విషయంలో ఎక్కువగా వినిపించే నాలుగు మాటలను ఇక్కడ విప్పి చూద్దాం. ఎక్కువ చోటు మూడోదానికే ఇస్తున్నాం, పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి కాబట్టి.

అపోహ: మంచు కరిగితేనే సముద్రం పెరుగుతుంది

1971 నుంచి 2018 వరకు పెరిగిన మట్టంలో దాదాపు సగం మంచు వల్ల వచ్చింది కాదు. ఉన్న నీరే వేడెక్కి వ్యాకోచించడం వల్ల వచ్చింది. అంచు దాకా నీళ్లు పోసిన గిన్నెను స్టవ్ మీద పెడితే మరగకముందే కాస్త పొర్లుతుంది కదా, అదే సంగతి. (పాలు పొంగడం వేరు, అది నురుగు.)

లెక్క చిన్నదే. పై 700 మీటర్ల నీటి పొర సగటున 0.1 డిగ్రీ వేడెక్కిందనుకోండి. ఆ పొరకు వ్యాకోచ గుణకం, అంటే ఒక డిగ్రీ వేడికి నీరు ఉబ్బే వంతు, సుమారు పది వేలలో రెండు అని తీసుకుందాం. 700 × 0.0002 × 0.1 = 0.014 మీటర్లు, అంటే 14 మిల్లీమీటర్లు. థర్మామీటర్‌లో కనీకనిపించని మార్పు తీరం దగ్గర సెంటీమీటరున్నర అవుతుంది.

ఈ లెక్క వేసేటప్పుడు రెండు తప్పులు తరచూ దొర్లుతాయి. ఒకటి, మంచినీటి పట్టిక వాడడం. మంచినీరు 4 డిగ్రీల దగ్గర అత్యంత సాంద్రంగా ఉంటుంది, అంతకంటే చల్లని నీటిని వేడిచేస్తే 4 డిగ్రీల వరకు కుంచించుకుపోతుంది. మామూలు ఉప్పదనం ఉన్న సముద్రపు నీటికి ఆ మలుపు లేదు, వేడి చేస్తే వ్యాకోచించడమే. రెండోది, సముద్రమంతటికీ ఒకే గుణకం పెట్టడం. బంగాళాఖాతం పైపొరలో 28 డిగ్రీల దగ్గర ఉండే నీటి గుణకం పది వేలలో మూడుకు పైనే. ధ్రువాల దగ్గర సున్నాకు చేరువలో ఉన్న పైపొర నీటికి అది పది వేలలో అర వంతు మాత్రమే. ఒకే మోతాదు వేడి మన దగ్గర నీటిలోకి దిగితే అక్కడికంటే ఆరింతలు ఎక్కువగా ఉబ్బుతుందన్నమాట. అందుకే ఎంత వేడి చేరిందో తెలిస్తే సరిపోదు, ఏ నీటిలో, ఎంత లోతున చేరిందో కూడా తెలియాలి.

అది చెప్పేవే ఆర్గో ఫ్లోట్లు. ఒక్కొక్కటి పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. అంతకంటే కింద కొలతలు బాగా పలచన. అయినా మొత్తం మీద వేడి వాటా మనకు బాగానే పట్టుబడింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

అపోహ: నిమ్మసోడాలో ఐసు కరిగితే గ్లాసు పొర్లదు, సముద్రమూ అంతే

తేలే మంచు విషయంలో ఈ మాట దాదాపు నిజం. ఉప్పునీటిలో మంచినీటి మంచు కరిగితే సాంద్రతల తేడా వల్ల అతి స్వల్పంగా పెరుగుతుంది, దాన్ని పక్కన పెట్టొచ్చు. ఇప్పుడు అదే ఐసును గ్లాసు మీద జల్లెడలో పెట్టి కరిగించండి. నేల మీది మంచు అంటే అది. సుమారు 360 గిగాటన్నుల, అంటే 36 వేల కోట్ల టన్నుల మంచు నేల మీద నుంచి సముద్రంలోకి చేరితే ప్రపంచమంతటా మట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే 7 మీటర్లకు పైగా, అంటార్కిటికాది మొత్తం కరిగితే 58 మీటర్ల దాకా పెరుగుతుంది. ఇవి ఉన్న నిల్వ ఎంతో చెప్పే అంకెలు మాత్రమే. ఈ శతాబ్దంలో రాబోయేది ఇదేనని ఎవరైనా రాస్తే నమ్మకండి.

తేలే మంచును అంతటితో వదిలేయకూడదు కూడా. అంటార్కిటికా అంచుల్లో నీటి మీద తేలే మంచు పలకలు వెనక ఉన్న హిమానీనదాలకు తలుపు దగ్గర పెట్టిన రాయిలా అడ్డుగా ఉంటాయి. 2002లో లార్సెన్-బి పలక కొన్ని వారాల్లోనే ముక్కలైంది. దానివల్ల నేరుగా మట్టం పెరగలేదు. కానీ దాని వెనక ఉన్న హిమానీనదాలు కొన్ని రెట్లు వేగంగా సముద్రంలోకి జారడం మొదలుపెట్టాయి.

అపోహ: "44 నుంచి 76 సెంటీమీటర్లు" అంటున్నారంటే వాళ్లకే తెలియదన్నమాట

వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందమైన ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం ఉద్గారాలు మధ్యస్థంగా ఉండే దారిలో, అంటే SSP2-4.5లో, 2100 నాటికి ప్రపంచ సగటు పెరుగుదల 56 సెంటీమీటర్లు, శ్రేణి 44 నుంచి 76. ఈ శ్రేణిని విడదీసి చూస్తే విషయం తేటపడుతుంది. వ్యాకోచం 20 సెంటీమీటర్లు (16 నుంచి 24). పర్వత హిమానీనదాలు 12 (10 నుంచి 15). గ్రీన్‌లాండ్ 8 (4 నుంచి 13). నేల మీది నీటి నిల్వల్లో మార్పు 3 (1 నుంచి 4). అంటార్కిటికా 11 (3 నుంచి 29).

వేడి వాటా అన్నిటికంటే పెద్దది, కానీ దాని అటూ ఇటూ తేడా 8 సెంటీమీటర్లే. అంటార్కిటికా నడిమి అంకె అందులో సగం, తేడా మాత్రం 26. పైగా ఆ తేడా రెండు వైపులా సమంగా లేదు: కిందికి 8, పైకి 18. సందేహమంతా దాదాపు ఒక్క చోటే గుట్టపడి ఉంది, అదీ ఎక్కువ వైపుకే ఒరిగి.

కారణం మంచు కింది నేల. పశ్చిమ అంటార్కిటికాలో థ్వెయిట్స్ లాంటి హిమానీనదాలు సముద్రమట్టం కన్నా లోతుగా ఉన్న నేల మీద కూర్చున్నాయి, ఆ నేల లోపలికి పోయేకొద్దీ ఇంకా పల్లంగా ఉంటుంది. గోరువెచ్చని నీరు కింద నుంచి కొరికి, మంచు నేలను వదిలి తేలడం మొదలయ్యే గీతను వెనక్కి నెడితే, కొత్త గీత దగ్గర మంచు మరింత మందంగా ఉంటుంది. మందం పెరిగితే బయటికి పారే మంచు పెరుగుతుంది, దాంతో గీత ఇంకా వెనక్కి పోతుంది. ఇది ఎంత వేగంగా జరుగుతుందనేది ఆ చీకట్లో నీరు ఎంత వెచ్చగా ఉంది, నేల ఎంత గరుకుగా ఉంది, ముందున్న పలక ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న వాటి మీద ఆధారపడుతుంది. మరోవైపు గాలి వేడెక్కితే అంటార్కిటికా మీద మంచు కురవడమూ పెరుగుతుంది, అది కొంత నష్టాన్ని పూడుస్తుంది. నష్టం తక్కువ వైపు అంకెలు తేలడానికి అదొక కారణం.

శ్రేణి అంటే హద్దు కాదన్నది కూడా తెలియాలి. 44-76 అంటే అసలు విలువ ఆ మధ్యలో ఉండే అవకాశం కనీసం మూడింట రెండు వంతులు అని. బయట పడే అవకాశం మిగిలే ఉంది. బాగా ఎక్కువ ఉద్గారాలుండి, మంచు మనకు సరిగా అర్థంకాని తీరులో కూలితే, 2100కి 2 మీటర్లకు చేరువ కావడాన్ని తోసిపుచ్చలేమని అదే నివేదిక చెబుతోంది. అది అంచనా కాదు. కొట్టిపారేయలేని అవకాశం, అంతే.

ఇక అందరూ చేసే తప్పు: పైన బ్రాకెట్లలో ఉన్న కింది అంకెలన్నీ కూడండి, 34 వస్తుంది. పై అంకెలన్నీ కూడితే 85. నివేదిక చెప్పింది 44, 76. నివేదికది తప్పు కాదు. అన్ని వాటాలూ ఒకేసారి కనిష్ఠానికో గరిష్ఠానికో చేరే అవకాశం తక్కువ కాబట్టి అంచులను కూడకూడదు. నడిమి అంకెలు కూడినా 54 వస్తుంది, 56 కాదు. ఒరిగిన శ్రేణుల్లో నడిమి విలువలు కూడా కూడికకు లొంగవు.

దీన్ని వాడేదెలా? కాకినాడ వైపు తీరంలో ఒక కల్వర్టు కడుతున్నారనుకుందాం. 2050 దాకా నిలిస్తే చాలనుకుంటే పెద్ద తల పోటు లేదు. ఉద్గారాలు బాగా తగ్గినా 19 సెంటీమీటర్లు, బాగా పెరిగినా 23. 2100 దాకా నిలవాలంటే 56 సరిపోదు, కనీసం 76 పెట్టి చూడాలి. పాడైతే ఊరు మునిగే కట్టడమైతే అంతకంటే పైకి కూడా ఒకసారి పరీక్షించాలి.

తర్వాత మొదలు ఎక్కడో చూడాలి. ఈ అంకెలన్నీ 1995-2014 సగటు నుంచి లెక్క. ఆ మధ్య ఏడాది 2005 అనుకుంటే, ఇప్పటికే 7-8 సెంటీమీటర్లు పెరిగిపోయింది. ఇవాళ కొలిచిన మట్టానికి 76 కలిపితే ఆ 7-8 రెండుసార్లు లెక్కపెట్టినట్టే. ఆ తర్వాత నేల. డెల్టా మట్టి తన బరువుకే అణిగి కుంగుతుంది, పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతే ఆ కుంగుదలను పూడ్చేది ఉండదు. ఉదాహరణకు ఏడాదికి 2 మిల్లీమీటర్లు కుంగుతోందనుకుంటే 95 ఏళ్లకు 19 సెంటీమీటర్లు. 76 కాస్తా 95 అవుతుంది. ఇక్కడో జాగ్రత్త: నాసా సైట్‌లో విశాఖ లాంటి కొలత కేంద్రాలకు ఇచ్చే స్థానిక అంచనాల్లో నేల కదలిక ముందే కలిసి ఉంటుంది. వాటిని వాడుతూ మళ్లీ 19 కలిపితే అది రెండోసారి. ఆటుపోట్లు, తుపాను ఉప్పెన దీని మీద అదనం. ఉప్పెన ఎత్తుకు ఈ 95 పునాది అవుతుంది.

అపోహ: ఆ మ్యాప్‌లో మా ఊరు 2050కి నీలం రంగులో ఉంది, అంటే మునిగినట్టే

వాట్సాప్‌లో తిరిగే మ్యాపుల్లో చాలావరకు ఉపగ్రహ ఎత్తుల మీద ఒక అడ్డగీత గీసినవే. ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల్లో పొరపాటు మీటర్లలో ఉంటుంది, అది కొలిచేది చాలాచోట్ల కొబ్బరి చెట్ల పైభాగాన్ని, ఇళ్ల కప్పులను. 20 సెంటీమీటర్ల ప్రశ్నకు మీటర్ల తప్పున్న కొలబద్దతో జవాబు రాదు. అలాగని ఊపిరి పీల్చుకోనక్కర్లేదు, ఎందుకంటే చెట్ల కొనలను నేల అనుకుంటే కోనసీమ నిజంగా ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. మీ పొలం సంగతి తేల్చుకోవాలంటే లెవెలింగ్ చేయించండి, అదీ ఏ బెంచ్‌మార్క్ నుంచి, అంటే ఎత్తు ముందే తేల్చి పెట్టిన ఏ గుర్తు నుంచి చేశారో కాగితం మీద రాయించుకుని. సర్వే ఆఫ్ ఇండియా పాత బెంచ్‌మార్కుల సున్నా 1909లో ముగిసిన లెవెలింగ్‌లోది, విశాఖతో కలిపి తొమ్మిది రేవుల్లో అప్పటి సగటు సముద్రమట్టం. ప్రపంచ సగటు ఆ తర్వాత 20 సెంటీమీటర్ల దాకా పెరిగింది. సర్వే కాగితంలో "1.20 మీటర్లు" అని ఉంటే, అది ఇవాళ్టి అలల మీద 1.20 మీటర్లు కాదు.