లీగల్ హోల్డ్ మెయిల్ ఎందుకొస్తుంది?

హైదరాబాద్‌లో అమెరికా కంపెనీలకు పనిచేసేవాళ్లకు అప్పుడప్పుడూ లీగల్ టీమ్ నుంచి ఒక మెయిల్ వస్తుంటుంది. ఫలానా విషయానికి సంబంధించిన మెయిళ్లు, చాట్‌లు, ఫైళ్లు ఏవీ తీసేయొద్దు, చదివినట్టు క్లిక్ చేయండి అని. చూడగానే టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. ఆ మెయిల్ వచ్చిందంటే మన మీద ఆరోపణ ఉందని కాదు, కేసుకు పనికొచ్చే సమాచారం మన దగ్గర ఉండొచ్చని కంపెనీ అనుకుంటోందని మాత్రమే. దీన్నే లీగల్ హోల్డ్ అంటారు.

ఈ పద్ధతి ఇప్పుడున్న రూపానికి రావడానికి ప్రధాన కారణం న్యూయార్క్‌లో నడిచిన ఒక కేసు. లారా జుబులేక్ అనే ఉద్యోగిని తన పట్ల లింగ వివక్ష చూపారంటూ యూబీఎస్ బ్యాంకు మీద దావా వేశారు. ఆమె అధికారికంగా ఫిర్యాదు చేసింది 2001 ఆగస్టులో. కానీ కేసు పడేలా ఉందని ఆమె పై అధికారులకు ఏప్రిల్ నాటికే తెలుసని, మెయిళ్లను భద్రపరచాల్సిన బాధ్యత అప్పటి నుంచే మొదలైందని జడ్జి షైరా షైండ్లిన్ 2003లో తేల్చారు. నోటీసు చేతికి అందేదాకా ఆగుతామంటే కుదరదన్నమాట. కేసు వస్తుందని అనిపించిన క్షణం నుంచే పాత మెయిళ్లు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటును ఆపాలి.

లాయర్లు చెప్పినా కొందరు ఉద్యోగులు మెయిళ్లు తీసేశారు. పోయిన ఆ మెయిళ్లు యూబీఎస్‌కు వ్యతిరేకంగా ఉండేవని భావించవచ్చని జ్యూరీకి చెప్పేలా 2004లో షైండ్లిన్ ఆదేశించారు. మరుసటి ఏడాది జ్యూరీ సుమారు 2.93 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. తీసేయొద్దని చెప్పి ఊరుకుంటే చాలదు, ఆ మాట అమలవుతోందో లేదో లాయర్లే చూసుకోవాలన్నది ఆ కేసులో తేలిన సంగతి.

ఈ అమలును ఇప్పుడు చాలావరకు సర్వరే చూసుకుంటోంది. మైక్రోసాఫ్ట్ మెయిల్‌బాక్స్ మీద హోల్డ్ పెడితే, మనం తీసేసిన మెయిల్ మన కంటికి కనపడదు గానీ వెనక Recoverable Items అనే చోట ఉండిపోతుంది. టీమ్స్ చాట్ కూడా అంతే: మెసేజ్ తీసేసినా, దిద్దినా పాత రూపం దాచిన ఫోల్డర్‌లో మిగులుతుంది. కాబట్టి తీసేసి తప్పించుకుందామనుకుంటే మెసేజ్ ఎలాగూ దొరుకుతుంది, తీసేయాలని చూసిన సంగతి కూడా బయటపడొచ్చు. అయితే హోల్డ్ పెట్టక ముందే శాశ్వతంగా పోయినవాటిని అది వెనక్కి తేలేదు. సర్వర్‌కు అందని మన సొంత ఫోన్‌లోని వాట్సాప్‌ను అది కాపాడలేదు.

జుబులేక్ పాఠం వచ్చిన పదిహేనేళ్ల తర్వాత కూడా గూగుల్ లాంటి సంస్థ అదే చోట తడబడింది. వీడియో గేమ్‌లు చేసే ఎపిక్ గేమ్స్ కంపెనీ 2020 ఆగస్టులో గూగుల్ మీద దావా వేసింది. ఉద్యోగులకు హోల్డ్ నోటీసులు వెళ్లాయి, మెయిళ్లు భద్రంగానే ఉన్నాయి. చాట్‌లో మాత్రం హిస్టరీ ఆపి ఉంటే ఇద్దరి మధ్య మాటలు 24 గంటల్లో చెరిగిపోయేవి. హోల్డ్ వచ్చాక కూడా గూగుల్ ఆ సెట్టింగ్‌ను తన చేతుల్లోకి తీసుకోలేదు. హిస్టరీ పెట్టాలో వద్దో ఎవరికి వారే తేల్చుకోమంది. 2021లో సీఈఓ సుందర్ పిచాయ్ ఒక గ్రూప్ చాట్‌లో హిస్టరీ ఆపొచ్చా అని అడిగి, ఆ మెసేజ్‌ను కూడా తీసేయబోయారు. అది ఆధారంగా కోర్టుకు చేరింది. జడ్జి జేమ్స్ డొనాటో 2023 మార్చిలో గూగుల్‌ను తప్పుపట్టారు. డిసెంబర్‌లో తీర్పుకు ముందు, పోయిన చాట్‌లు గూగుల్‌కు వ్యతిరేకంగా ఉండేవని అనుకోవచ్చని జ్యూరీకి చెప్పారు. కేసులో ఎపిక్ గెలిచింది.

నా దృష్టిలో ఇక్కడ తప్పు ఉద్యోగుల కన్నా వ్యవస్థదే ఎక్కువ. ఏ మాట కేసుకు సంబంధించిందో ఇంజనీరు ఎలా తేలుస్తాడు? కానీ ఆ వ్యవస్థలో ఉన్నంతకాలం మనం చేయగలిగింది కొంత ఉంది. సందేహం ఉన్న మెసేజ్‌ను ముట్టుకోకుండా వదిలేయడం, సంబంధం ఉందా లేదా అన్నది లీగల్ టీమ్‌కే విడిచిపెట్టడం మేలు. ఆఫీసు విషయం సొంత వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే అది కూడా హోల్డ్ కిందికి రావచ్చు. అక్కడ డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఆపి, ఆ చాట్‌ల సంగతి లీగల్ టీమ్‌కు చెప్పాలి. ఫోన్ మార్చేముందు, ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేముందు, ఉద్యోగం మానేముందు కూడా వాళ్లనే అడగాలి. నోటీసు సాధారణంగా పాత మెసేజ్‌లకే కాదు, ఇక ముందు రాసేవాటికీ వర్తిస్తుంది. విషయం సద్దుమణిగినట్టు కనిపించినా హోల్డ్ దానంతటదే పోదు. ఎత్తేశామని లీగల్ టీమ్ నుంచి మరో మెయిల్ రావాలి, అది ఏళ్ల తర్వాత రావొచ్చు.