సొంత బ్రాండ్ పిండి అమ్ముడుపోతోంది, కానీ లాభం వచ్చిందా? అపోహలు - వాస్తవాలు

సూపర్‌మార్కెట్ చైన్లు పిండి, పంచదార, నూనె లాంటి నిత్యావసరాలను సొంత పేరుతో అమ్మడం మొదలుపెట్టాక, అది ఫలించిందో లేదో లెక్క తేల్చడం నా పని. దాదాపు ప్రతి మీటింగ్‌లోనూ నాకు ఎదురయ్యే అపోహలు మూడు. వాటిలో మొదటిదే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

అపోహ: సొంత బ్రాండ్‌కి మార్జిన్ శాతం ఎక్కువ కాబట్టి ఎంత అమ్మితే అంత లాభం.

వాస్తవం: చూడాల్సింది శాతం కాదు, ప్యాకెట్‌కి చేతిలో ఎంత మిగిలిందన్నది. పిండి ప్యాకెట్‌నే తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి పేరున్న బ్రాండ్ ధర 100 అనుకోండి. కొన్న ధర 88 పోతే 12 మిగులుతుంది. షెల్ఫ్‌లో మంచి చోటు ఇచ్చినందుకు, ఏడాది టార్గెట్ దాటినందుకు ఆ కంపెనీ ఇచ్చే రిబేటు ఇంకో 4. మొత్తం 16. సొంత బ్రాండ్‌ని 68కి చేయించి 85కి అమ్మితే 17 మిగులుతుంది, అంటే 20 శాతం. కాగితం మీద బాగుంటుంది. కానీ చిరిగినవి, గడువు దాటినవి వెనక్కి తీసుకునే కంపెనీ ఇక్కడ లేదు. ఆ నష్టం ప్యాకెట్‌కి 2 వేసుకుంటే మిగిలేది 15. అంటే బ్రాండ్ వదిలి మన ప్యాకెట్ తీసుకున్న ప్రతి కొనుగోలుకీ మనం 1 పోగొట్టుకుంటున్నాం.

అయితే అందరూ అలా మారినవాళ్లే కాదు. అందుకే ముందు కొన్ని స్టోర్లలోనే మొదలుపెట్టి, అలాంటివే ఇంకొన్ని స్టోర్లను పోలికకి పక్కన పెట్టుకోవాలి. మొదలుపెట్టిన స్టోర్లలో అంతకుముందు వారానికి 1000 బ్రాండ్ ప్యాకెట్లు పోయేవి. ఇప్పుడు బ్రాండ్‌వి 760, మనవి 300. పోలిక స్టోర్లలో ఏమీ చేయకుండానే పిండి అమ్మకం 2 శాతం పెరిగింది కాబట్టి ఇక్కడా 1020 ఎలాగూ పోయేవి. నిజంగా కొత్తగా వచ్చినవి 40 మాత్రమే. పాత పద్ధతిలో మిగలాల్సింది 16,320, ఇప్పుడు మిగిలింది 16,660. రిపోర్టులో 300 ప్యాకెట్లకి 17 చొప్పున 5,100 లాభం అని రాసి ఉంటుంది. అసలు పెరిగింది 340.

ఇక్కడితో ఆగితే పొరపాటే. ఆ 4 రిబేటులో 2 టార్గెట్ దాటితేనే వస్తుంది. బ్రాండ్ అమ్మకం దాదాపు నాలుగో వంతు తగ్గితే టార్గెట్ అందదు. 760 ప్యాకెట్ల మీద 1,520 పోతుంది, 340 లాభం కాస్తా 1,180 నష్టమవుతుంది. సొంత బ్రాండ్‌ని చూపించి కంపెనీతో ధర తగ్గించుకోవచ్చు అంటారు. నిజమే, అలా తగ్గించుకున్నవాళ్లను నేను చూశాను. కానీ ఒప్పందం మీద సంతకం పడేదాకా దాన్ని లాభంలో కలపకూడదు.

అపోహ: మొదటి నెల అమ్మకాలు చూస్తే విషయం తెలిసిపోతుంది.

వాస్తవం: మొదటి నెలలో జనం రుచి చూడటానికి కొంటారు, అదీ ఆఫర్ ధరకి. తెలుసుకోవాల్సింది మళ్లీ కొన్నారా అని. మెంబర్‌షిప్ కార్డు డేటాలో మొదటిసారి కొన్న ఇళ్లను విడిగా తీసి, వాళ్లలో ఎందరు పూర్తి ధరకి మళ్లీ తీసుకున్నారో చూడాలి. పిండి నెలకోసారి కొనే ఇంటికి కనీసం మూడు నెలలు టైమ్ ఇవ్వాలి. బ్రాండ్ స్టాక్ లేని రోజుల్ని తీసేయడం మర్చిపోవద్దు. ఖాళీ షెల్ఫ్ ముందు నిలబడినవాళ్లు మనది తీసుకుంటే అది ఇష్టం కాదు, అవసరం.

అపోహ: పేరున్న బ్రాండ్‌కి చేసే మిల్లులోనే చేయిస్తున్నాం కాబట్టి సరుకు ఒకటే.

వాస్తవం: మిల్లు ఒకటే కావచ్చు, స్పెసిఫికేషన్ వేరు. ఒకసారి రెండు బ్యాచ్‌ల ప్యాకెట్లు విప్పి పక్కపక్కన గిన్నెల్లో, ఒకే కొలత నీళ్లతో కలిపించాను. ఒకటి మెత్తగా ముద్దయింది, రెండోది చేతికి అంటుకుంటూ జారిపోయింది. గోధుమల్లో ప్రొటీన్, మరలో పిండి రేణువులు నలిగే తీరు మారితే పిండి పట్టే నీళ్లు మారతాయి. మిల్లుకి ఇచ్చిన కాగితంలో తేమకి హద్దు ఉంది, పిండి ఎన్ని నీళ్లు పట్టాలన్నదానికి లేదు. ఇంట్లో పిండి కలిపే మనిషికి ఆ తేడా తేమ కంటే ముందు తెలుస్తుంది. ఆ తర్వాత ఒప్పందంలో నీటి శోషణకి కనిష్ఠం, గరిష్ఠం రాయించి, ఒప్పుకున్న శాంపిల్‌తో ప్రతి బ్యాచ్‌నీ పోల్చాకే లారీ కదిలేలా చేశాం. ఫిర్యాదులను కూడా మొత్తంగా కాకుండా బ్యాచ్ నంబరు ప్రకారం లెక్కపెట్టడం మొదలుపెట్టాం.