ఓటీకి వెళ్ళే ఆక్సిజన్ గొట్టం ఎంత లావుండాలి?

హనుమకొండలో ఒక ఆసుపత్రి కింది అంతస్తులో సిలిండర్లన్నిటినీ ఒకే గొట్టానికి కలిపే ఆక్సిజన్ మానిఫోల్డ్ గది, పై అంతస్తులో నాలుగు ఆపరేషన్ థియేటర్లు, వాటి మధ్య 60 మీటర్ల రాగి గొట్టం ఉన్నాయనుకుందాం. ఆ గొట్టం ఎంత లావుండాలో తేల్చడానికి ముందు, దానిలో నిమిషానికి ఎంత వాయువు పారాలో తెలియాలి.

మత్తులో ఉన్న రోగికి సాధారణంగా నిమిషానికి కొద్ది లీటర్ల ఆక్సిజన్ సరిపోతుంది. అయితే మత్తు యంత్రంపై ఆక్సిజన్ ఫ్లష్ బటన్ నొక్కినప్పుడు ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది, గొట్టం ఆ క్షణానికి తట్టుకోవాలి. అందుకే బ్రిటన్ మార్గదర్శకం హెచ్‌టీఎమ్ 02-01 ఒక థియేటర్‌కు నిమిషానికి 100 లీటర్లు లెక్కగడుతుంది. అన్ని థియేటర్లలోనూ ఒకేసారి ఫ్లష్ నొక్కరు కాబట్టి, మిగతా ఒక్కో థియేటర్‌కు 10 లీటర్లు మాత్రమే కలుపుతుంది. నాలుగు థియేటర్లకు ఇది 130 లీటర్లవుతుంది.

సరఫరా పీడనం 400 కిలోపాస్కల్స్ అయితే, గొట్టంలో అందులో 5 శాతం, అంటే 20 కిలోపాస్కల్స్ వరకు పీడనం తగ్గడాన్ని అనుమతించవచ్చు. వంపులు, టీ ఆకారపు అతుకులు, వాల్వులు కలిగించే నిరోధానికి 30 శాతం కలిపి పొడవును 78 మీటర్లుగా తీసుకుంటే, 10.8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న 12 మి.మీ. గొట్టంలో సుమారు 15 కిలోపాస్కల్స్, 13.6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న 15 మి.మీ. గొట్టంలో సుమారు 5 కిలోపాస్కల్స్ తగ్గుతాయి. వ్యాసం నాలుగో వంతు పెరిగితేనే నష్టం మూడో వంతుకు దిగడానికి కారణం, అది వ్యాసపు దాదాపు 4.75వ ఘాతానికి విలోమంగా మారడం.

నేటి అవసరానికి సన్నని గొట్టమే చాలుతుంది. కానీ మన ఊళ్ళలో ఆసుపత్రులు అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ పెరుగుతాయి. థియేటర్లు ఎనిమిదైతే ప్రవాహం 170 లీటర్లకు, సన్నని గొట్టంలో నష్టం సుమారు 24 కిలోపాస్కల్స్‌కు చేరి హద్దు దాటుతుంది, 15 మి.మీ. గొట్టంలో అది 8 దగ్గరే ఆగుతుంది. శస్త్రచికిత్సలు జరుగుతున్న చోట గోడ తవ్వి గొట్టం మార్చడంకన్నా, మొదటే 15 మి.మీ. వేయడం మేలని నా అభిప్రాయం.

గొట్టంలో పీడనం ఇలా హద్దు దాటి తగ్గే లోపాన్ని అలారం పట్టుకోదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7396-1 ప్రకారం అత్యవసర అలారం మోగేది పీడనం 20 శాతం, అంటే 80 కిలోపాస్కల్స్ మేర తప్పినప్పుడే. ప్రవాహం లేనప్పుడు గొట్టంలో ఘర్షణ నష్టం ఉండదు కాబట్టి, గోడమీది గేజ్ కూడా నిండు 400 చూపిస్తుంది. అందుచేత థియేటర్లను రోగులకు అప్పగించకముందే లెక్కలో వేసుకున్న మొత్తం ప్రవాహాన్ని ఔట్‌లెట్ల ద్వారా వదిలి, అత్యంత దూరపు ఔట్‌లెట్ దగ్గరా, మానిఫోల్డ్ రెగ్యులేటర్ దాటిన చోటా ఒకేసారి పీడనం చూడాలి. రెండు చోట్లా సమానంగా తగ్గితే లోపం రెగ్యులేటర్‌ది. దూరపు చివరలో మాత్రమే లెక్కకు మించి పడిపోతే, సగమే తెరుచుకున్న వాల్వునో, బ్రేజింగ్ లోహం లోపలికి కారి ఇరుకైన అతుకునో వెతకాలి. ఒక్కో భాగానికి సరఫరాను విడిగా ఆపే జోన్ వాల్వులు మధ్యలో ఉంటాయి, వాటిలో ఒక్కోదాని దగ్గర ఇదే కొలత తీసుకుంటూ వెళితే లోపమున్న ముక్క బయటపడుతుంది.